హోటల్ మూసేశాక కూడా మీటర్ తిరుగుతుంటే: చిన్న వంటగదిలో కరెంటు ఎక్కడ పోతోందో పట్టుకోవడం

గిరాకీ పెరగలేదు, కొత్త మెషీన్ కొనలేదు, బిల్లు మాత్రం పెరిగింది. అలాంటప్పుడు అందరూ ముందు లైట్లు ఆపేస్తారు. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మొదట చేయాల్సిన పని రాత్రి షట్టర్ దించే ముందు మీటర్ రీడింగ్ రాసుకోవడం, పొద్దున తెరవగానే మళ్లీ రాసుకోవడం. వంట లేని ఆ గంటల్లో కాలిన యూనిట్లే అసలు దొంగను చూపిస్తాయి.

నేను చూసిన ఒక వంటగదిలో రాత్రి 11కి రీడింగ్ 4,812, ఉదయం 6కి 4,833. ఏడు గంటల్లో 21 యూనిట్లు, అంటే మూడు కిలోవాట్ల లోడు రాత్రంతా ఆగకుండా నడిచినట్టు. అప్పుడు ఆన్‌లో ఉండాల్సినవి రెండు డీప్ ఫ్రీజర్లు, ఒక నిలువు ఫ్రిజ్ మాత్రమే. మూడు కంప్రెసర్లూ కలిపి ఒకటిన్నర కిలోవాట్. మిగతా ఒకటిన్నర ఎవరిది? తల ఎత్తి చూస్తే తెలిసింది. వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రంతా వదిలేస్తున్నారు. మర్నాడు అది ఆపితే 21 కాస్తా 11కి దిగింది.

11 కూడా ఎక్కువే. మూడు కంప్రెసర్లూ ఒక్క నిమిషం ఆగకుండా తిరిగితేనే అంత కాలుతుంది.

సమస్య: ఫ్రీజర్ కంప్రెసర్ ఆగడం లేదు

తలుపు ఎవరూ తీయని వేళలో పక్కన అరగంట కూర్చుని వినండి. కాసేపు తిరిగి, కాసేపు ఆగుతుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. అసలు ఆగకపోతే ముందు వెనకాలో కిందో ఉండే జాలీ తీసి కండెన్సర్ కాయిల్ చూడండి. ఇంట్లో ఫ్రిజ్‌కి దుమ్ము పడుతుంది. వంటగదిలో మాత్రం నూనె ఆవిరి మీద దుమ్ము అతుక్కుని దుప్పటిలా పేరుకుంటుంది. లోపలి వేడి బయటికి పోయేది ఆ కాయిల్ నుంచే కాబట్టి, అది మూసుకుపోతే కంప్రెసర్ ఎంత తిరిగినా పని తెమలదు.

ప్లగ్ తీసేసి, మెత్తని బ్రష్‌తో రేకుల వెంట పై నుంచి కిందికి దులపండి. అడ్డంగా రుద్దితే పల్చటి రేకులు వంగి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. జిడ్డు వదలకపోతే కాయిల్ కోసం అమ్మే క్లీనర్ వాడండి. పొయ్యి దగ్గర ఉన్న ఫ్రీజర్‌కి ఈ పని నెలకోసారి తప్పదు. అసలు అది పొయ్యి పక్కన ఉండటమే తప్పు. జరపగలిగితే జరపండి, లేకపోతే గోడకీ దానికీ మధ్య జానెడు సందైనా వదలండి.

తర్వాత తలుపు రబ్బరు. ఒక కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. గట్టిగా పట్టుకుంటే మంచిదే, జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. తలుపు చుట్టూ ఇలాగే చూడండి. చాలాసార్లు రబ్బరు పాడవదు, మడతల్లో జిడ్డు పట్టి సరిగా అతకదు. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే సరిపోతుంది. చిరిగితే మాత్రం మార్చాల్సిందే. లోపల మంచు అర సెంటీమీటరు దాటితే సరుకు వేరే ఫ్రీజర్‌లోకి మార్చి కరిగించండి. కత్తితో పొడవొద్దు, పైపుకి చిల్లు పడితే గ్యాస్ పోతుంది.

ఆ వంటగదిలో మూడింటికీ కాయిల్ శుభ్రం చేసి, ఒకదానికి రబ్బరు మార్చాక రాత్రి లెక్క 6 యూనిట్లకు వచ్చింది. 21 నుంచి 6కి! ఇందులో కొత్త మెషీన్ ఏదీ లేదు.

ఇవన్నీ చేసినా కంప్రెసర్ ఆగకుండా, లోపల చల్లబరిచే కాయిల్‌లో కొంత భాగం మీదే మంచు పడుతుంటే గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. అది మెకానిక్ పని. ఇంకో మాట: పొదుపు కోసం రాత్రిపూట ఫ్రీజర్ ఆపేసేవాళ్లున్నారు. వద్దు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచండి చాలు. అంతకంటే చల్లగా పెట్టినా కరెంటు దండగే.

సమస్య: ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉన్నా పొగ పోవడం లేదు

పొగ పోవట్లేదని ఇంకా పెద్ద ఫ్యాన్ కొనకండి. ముందు పొయ్యి పైనున్న హుడ్ అంచు దగ్గర పల్చటి టిష్యూ పట్టుకుని చూడండి. అది లోపలికి లాగకపోతే కిటికీ ఒకటి తీయండి. అప్పుడు లాగిందంటే ఫ్యాన్ బాగానే ఉంది, లోపలికి వచ్చే గాలే చాలట్లేదు. తలుపు తీయడం బరువుగా అనిపించడం కూడా దీని గుర్తే. గాలి వచ్చే దారి ఒకటి ఏర్పాటు చేస్తే చాలు.

కిటికీ తీసినా లాగకపోతే ఫిల్టర్లు విప్పండి. జిడ్డు కారుతుంటే వేడినీళ్లలో జిడ్డు వదిలించే మందు కలిపి నానబెట్టి కడగాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డ్రమ్ము ఆకారపు బ్లోయర్‌కి ఫిల్టర్ మూసుకుపోతే మోటారు లాగే కరెంటు పెరగదు, తగ్గుతుంది. పొదుపైందని సంబరపడొద్దు, గాలి కదలట్లేదని దాని అర్థం. పైగా ఆ జిడ్డుకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇవి సరిచేశాక అసలు పొదుపు స్పీడులో ఉంది. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగం అవుతుంది. రద్దీ లేనప్పుడు అంత వేగం అక్కర్లేదు. మూడు ఫేజుల మోటారైతే దాని వేగం తగ్గించి పెంచే వీఎఫ్‌డీ అనే పరికరం పెట్టించుకోవచ్చు. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించే ప్రయోగం చేయొద్దు, మోటారు కాలిపోతుంది. గ్యాస్ పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఫ్యాన్ పూర్తిగా ఆపనూ వద్దు.

సమస్య: గ్రైండర్ వేయగానే లైట్లు మసకబారుతాయి, రుబ్బడానికి ఎక్కువసేపు పడుతోంది

25 నిమిషాల పని 40 నిమిషాలైతే మోటారు కంటే ముందు బెల్టును అనుమానించండి. ప్లగ్ తీసి బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. బాగా వదులుగా ఉంటే పుల్లీ మీద జారుతోంది. బెల్టు సరిగ్గా ఉంటే రాళ్లు నున్నబడ్డాయేమో చూసి గాట్లు పెట్టించండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడిపితే వోల్టేజీ పడిపోతుంది. వైరు వేడెక్కుతుంటే వెంటనే ఆపండి, లావు వైరుతో విడి పాయింటు వేయించండి.

సమస్య: యూనిట్లు తగ్గినా బిల్లు అంతగా తగ్గలేదు

బిల్లులో గరిష్ఠ డిమాండుకు విడిగా చార్జీ ఉందేమో చూడండి. మీటర్ తెరపై `MD` అని కనిపించేది అదే. 15 లేదా 30 నిమిషాల సగటు లోడులో నెల మొత్తంమీద ఎక్కువ ఉన్నదాన్ని మీటర్ గుర్తుపెట్టుకుంటుంది. గ్రైండర్ స్టార్ట్ అయ్యే క్షణంలో లాగే కరెంటుకు టెన్షన్ పడక్కర్లేదు, సగటులో అది కలిసిపోతుంది. అరగంటపాటు అన్నీ కలిసి నడవడమే అసలు బాధ.

మనం చెప్పుకున్న వంటగదిలో మధ్యాహ్నం రద్దీలో ఓవెన్ 3, వాటర్ హీటర్ 3, గ్రైండర్ 1.5, ఎగ్జాస్ట్ 1.4, ఫ్రీజర్లు 1.5 వరకు, మిగతావి 1. అన్నీ కలిపితే 11.4 కిలోవాట్లు. గ్రైండర్ పని తెల్లవారుజామునకు జరిపి, నీళ్లు రద్దీకి ముందే కాగబెట్టి నిలవ ఉంచితే 6.9కి దిగింది. రుబ్బడానికి పట్టే యూనిట్లు అన్నే, తగ్గింది డిమాండ్ చార్జీ మాత్రమే. అయితే ఒక్కరోజు మరిచిపోయి అన్నీ కలిపి వేసినా ఆ నెలకి పాత అంకే పడుతుంది. అందుకే గ్రైండర్ స్విచ్ పైనే "రద్దీలో వేయొద్దు, అడిగి వేయండి" అని రాసి అతికించాం.