ఫైనల్ వాల్యూ థీరమ్ వాడే ముందు పోల్స్ ఎక్కడున్నాయో చూసుకోండి

కంట్రోల్ సిస్టమ్స్ పరీక్షలోనైనా, డిజైన్‌లోనైనా స్థిరస్థితి దోషం లెక్కించాల్సి వస్తే చేయి నేరుగా ఈ సూత్రం మీదికే పోతుంది: `sF(s)`కి `s → 0` వద్ద అవధి తీస్తే, చాలా కాలం తర్వాత `f(t)` ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. విలోమ లాప్లాస్ పరివర్తన అవసరం ఉండదు. ఇబ్బంది ఏమిటంటే, `f(t)` ఎక్కడా నిలవకపోయినా ఈ సూత్రం ఒక సంఖ్యను ఇస్తుంది. ఆ సంఖ్య చాలాసార్లు మనం ఆశించినదే అయి ఉంటుంది కాబట్టి అనుమానమూ రాదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. ఓపెన్ లూప్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ `K/(s(s+1)(s+2))`, యూనిటీ ఫీడ్‌బ్యాక్, ఇన్‌పుట్ యూనిట్ స్టెప్. అప్పుడు

```
sY(s) = K / (s³ + 3s² + 2s + K)
```

ఇందులో `s = 0` పెడితే `K/K`, అంటే 1. దోషం సున్నా. ఇక్కడ ఆగి ఒకటి గమనించండి: ఈ జవాబులో `K` లేదు. `K` 5 అయినా, 6 అయినా, 7 అయినా సూత్రం 1 అనే చెబుతుంది. నిజానికి 5 దగ్గర అవుట్‌పుట్ ఊగి ఊగి 1 దగ్గర స్థిరపడుతుంది. 7 దగ్గర ఊగుడు అంతులేకుండా పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య సరిహద్దు 6. అక్కడ హారం `(s+3)(s²+2)` అవుతుంది కాబట్టి రెండు పోల్స్ `±j√2` వద్ద, సరిగ్గా కల్పిత అక్షం మీద కూర్చుంటాయి. పాక్షిక భిన్నాలుగా విడదీస్తే అసలు అవుట్‌పుట్ ఇది:

```
y(t) = 1 − (2/11)e^(−3t) − (9/11)cos(√2 t) − (3√2/11)sin(√2 t)
```

ఘాతాంక పదం త్వరగా అణగిపోతుంది. సైన్, కొసైన్ పదాలు మాత్రం అణగవు. రెండూ కలిసి 3/√11, అంటే సుమారు 0.905 పరిమాణంతో ఊగుతూనే ఉంటాయి. అవుట్‌పుట్ దాదాపు 0.095 నుంచి 1.905 వరకు, 4.44 సెకన్లకు ఒకసారి చొప్పున, ఎప్పటికీ తిరుగుతుంది. దీనికి తుది విలువ అంటూ ఏదీ లేదు.

మరి ఆ 1 ఎక్కడిది? అది ఊగుడు సగటు. కల్పిత అక్షం మీది పోల్స్ సరళమైనవి, అంటే పునరావృతం కానివి, అయి, మిగతావి ఎడమ అర్ధతలంలోనే ఉంటే (మూలబిందువు దగ్గర `F(s)`కి ఒక సరళ పోల్ ఉన్నా ఫరవాలేదు) సూత్రం ఇచ్చేది దీర్ఘకాల సగటునే. అందుకే ఈ తప్పు ప్రమాదకరం. ఎక్కువసేపు సగటు తీసి చూపే మీటర్‌తో కొలిస్తే అదీ 1 దగ్గరే చూపించి, తప్పు జవాబును ధ్రువీకరించినట్లు కనిపిస్తుంది. సగటు కాకుండా, క్షణక్షణం విలువను కొన్ని ఆవర్తనాల పాటు గీసి చూడండి.

సూత్రం ఎందుకు దారి తప్పుతుందో దాని నిరూపణలోనే ఉంది. `f′(t)e^(−st)` సమాకలని `sF(s) − f(0)`కి సమానం. `s`ను సున్నాకు తీసుకెళ్లినప్పుడు ఎడమ పక్క `f(∞) − f(0)` కావాలంటే ముందు `f(∞)` ఉండాలి. అంటే తుది విలువ ఉందన్నది సూత్రం తేల్చే సంగతి కాదు, మనం ముందే తేల్చుకుని రావాల్సిన షరతు. `sF(s)` పోల్స్ అన్నీ ఎడమ అర్ధతలంలో, అక్షాన్ని తాకకుండా ఉన్నాయని చూసుకున్నాకే అవధి తీయాలి.

హారం మూడో ఘాతం దాటితే రౌత్ పట్టికే సులువైన దారి. పై ఉదాహరణలో `K = 6` అయితే `s³` వరుస 1, 2. `s²` వరుస 3, 6. `s¹` వరుస మొత్తం సున్నా. అలా ఒక వరుస అంతా సున్నా అయితే వెంటనే ఆగి, దాని పై వరుసతో సహాయక సమీకరణం రాయండి. ఇక్కడ అది `3s² + 6 = 0`, దాని మూలాలు `±j√2`.

సిస్టమ్ స్థిరమైనదని తేలినంత మాత్రాన పని అయిపోలేదు. పోల్స్ ఇన్‌పుట్ నుంచి కూడా వస్తాయి, ఎక్కువ మంది మరచిపోయేది దీన్నే. `1/(s+1)` పూర్తిగా స్థిరమైన సిస్టమ్. దానికి `sin t` ఇస్తే `sY(s) = s/((s+1)(s²+1))`, అవధి సున్నా. అవుట్‌పుట్ మాత్రం 0.707 పరిమాణంతో ఊగుతూనే ఉంటుంది. కాబట్టి పరీక్షించాల్సింది ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను ఒక్కదాన్నే కాదు, ఇన్‌పుట్‌తో గుణించాక వచ్చే `sY(s)`ను.

మూలాలను కంప్యూటర్‌తో తీసేవారికి ఇంకో జాగ్రత్త.

```python
import numpy as np
print(np.roots([1, 3, 2, 6]))
```

అక్షం మీద ఉండాల్సిన మూలాలకు దశాంశ గణనలో 10⁻¹⁶ స్థాయి వాస్తవ భాగం అంటుకోవచ్చు. అది రుణాత్మకంగా కనిపిస్తే ఎడమ అర్ధతలమే కదా అని సూత్రం వాడేయకండి. వాస్తవ భాగం అంత చిన్నగా వస్తే రౌత్ పట్టికను పూర్ణాంకాలతో చేతితో వేసి తేల్చుకోండి.