రెండింట్లో ఒకటే పెట్టాలి, ఐఆర్‌ఆర్ ఒకటి చెబుతుంది, ఎన్‌పీవీ ఇంకొకటి: క్రాసోవర్ లెక్కలో జాగ్రత్తలు

ఒక చిన్న యూనిట్‌లో ఒకే ఖాళీ షెడ్డు ఉందనుకుందాం. అందులో జాబ్‌వర్క్ ప్యాకింగ్ యంత్రాలు పెట్టవచ్చు, లేదా సొంత బ్రాండ్ మసాలా పొడుల లైన్ పెట్టవచ్చు. రెండూ పట్టవు. ప్యాకింగ్‌కు ఆర్డర్లు ఇప్పుడే ఉన్నాయి, పోనుపోను తగ్గుతాయి. బ్రాండ్ నిలదొక్కుకోవడానికి టైం పడుతుంది, మూడో ఏడు గట్టిగా వస్తుంది. అంకెలన్నీ లక్షల్లో, పన్ను కట్టాక చేతికొచ్చే నగదు. మూడో ఏడు అంకెలో యంత్రాలు అమ్మితే వచ్చేది కూడా కలిసే ఉంది.

| ఏడాది | ప్యాకింగ్ | మసాలా | తేడా (మసాలా − ప్యాకింగ్) |
|---|---|---|---|
| 0 | −100 | −100 | 0 |
| 1 | 80 | 10 | −70 |
| 2 | 30 | 30 | 0 |
| 3 | 20 | 110 | 90 |

ఐఆర్‌ఆర్ అంటే పెట్టిన డబ్బు మీద ఏడాదికి పడే రాబడి రేటు. అది చూస్తే ప్యాకింగ్‌ది 19.23 శాతం, మసాలాది 16.61 శాతం. అంటే ప్యాకింగే ముందు. ఎన్‌పీవీ అంటే రాబోయే డబ్బును ఒక డిస్కౌంట్ రేటుతో నేటి విలువకు తగ్గించి, పెట్టుబడి తీసేశాక మిగిలేది. 10 శాతం రేటుతో అది తీస్తే ప్యాకింగ్‌కు 12.55, మసాలాకు 16.53 లక్షలు. ఇక్కడ మసాలా ముందు. లెక్క ఎక్కడా తప్పలేదు, రెండు కొలతలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

అసలు సంగతంతా చివరి నిలువు వరుసలో ఉంది. పెట్టుబడి సమానం, రెండో ఏడు సమానం. మసాలాను ఎంచుకుంటే మొదటి ఏడు చివర 70 లక్షలు వదులుకుని, రెండేళ్ల తర్వాత 90 లక్షలు తీసుకున్నట్టు. 70 రెండేళ్లలో 90 కావాలంటే ఏడాదికి ఎంత వడ్డీ పడాలి? 90ని 70తో భాగిస్తే 1.2857, దాని వర్గమూలం 1.1339. అంటే 13.39 శాతం. అదే క్రాసోవర్ రేటు. ఆ రేటు దగ్గర రెండింటి ఎన్‌పీవీ ఒకటే, 7.61 లక్షలు. మీ డబ్బు ఖరీదు అంతకంటే తక్కువైతే మసాలా, ఎక్కువైతే ప్యాకింగ్. మన ఊళ్ల లెక్కలో రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, అక్కడ మసాలానే గెలుస్తుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బైతే ఏదీ వద్దు, షెడ్డు ఖాళీగా ఉంచడమే మేలు.

ముందు రేటు సంగతి తేల్చుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బ్యాంకు 10 శాతానికి అప్పిస్తోంది కదా అని ఆ 10నే డిస్కౌంట్ రేటుగా వేసేస్తారు, మసాలా గెలిచేస్తుంది. కానీ 100 లక్షల్లో సగమే అప్పు, మిగతా సగం యజమాని సొంత డబ్బు అనుకోండి. అప్పు వడ్డీ 10 శాతం, 25 శాతం పన్ను మినహాయింపు పోగా 7.5 శాతం. సొంత డబ్బు మీద ఆయన 22 శాతం ఆశిస్తున్నారు. సగటు తీస్తే 3.75, 11 కలిపి 14.75 శాతం. క్రాసోవర్ దాటిపోయింది, ఇప్పుడు ప్యాకింగే సరైనది. ప్రాజెక్టుల అంకె ఒక్కటీ మారలేదు, రేటు మారేసరికి నిర్ణయం తిరగబడింది. కాబట్టి రేటు ఎంతో కాగితం మీద రాసుకున్నాకే ఎన్‌పీవీ జోలికి వెళ్లాలి. ఫలితం చూశాక రేటు సవరించే అలవాటు ఉన్నచోట ఈ క్రమం మరీ ముఖ్యం.

ఎక్సెల్‌లో ఖాళీ గడి

షీట్‌లో B వరుసలో ప్యాకింగ్, C వరుసలో మసాలా, D వరుసలో తేడా పెట్టుకోండి. 2 నుంచి 5 వరకు అడ్డు వరుసలు 0 నుంచి 3 ఏళ్లు.

```
D2:  =C2-B2
D7:  =IRR(D2:D5)
C7:  =NPV(10%,C3:C5)+C2
```

D2లోని సూత్రాన్ని D5 దాకా లాగండి. తేడాను చేత్తో టైప్ చేస్తూ "రెండో ఏడు సున్నాయే కదా" అని D4ని ఖాళీగా వదిలేశారో, దెబ్బ పడినట్టే. IRR ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు, మూడో ఏడు 90ని రెండో ఏడుకు జరిపేస్తుంది. 13.39 రావాల్సిన చోట 28.57 శాతం వస్తుంది. ఎర్రర్ ఏమీ చూపించదు. పట్టుకోవడం మాత్రం తేలికే: వచ్చిన రేటును రెండు ప్రాజెక్టుల NPVలోనూ పెట్టి చూడండి. నిజమైన క్రాసోవర్ అయితే రెండూ పైసాతో సహా కలవాలి. 28.57 పెడితే ఒకటి −10.2, ఇంకొకటి −22.3 వస్తాయి.

NPV ఫంక్షన్‌లో ఇంకో ఉచ్చు ఉంది. అది మొదటి గడిని ఏడాది చివర వచ్చే డబ్బుగా చూస్తుంది. C2ను కూడా లోపలికి లాగి `=NPV(10%,C2:C5)` అని రాస్తే 16.53 బదులు 15.03 వస్తుంది. రెండు ప్రాజెక్టులకూ ఇదే తప్పు చేస్తే వరుస మారదు, క్రాసోవర్ కూడా మారదు. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకుండా తిరుగుతుంటుంది.

తేడా తీసే దిశ కూడా చూసుకోవాలి. మొదటి సున్నా కాని అంకె మైనస్ అయ్యేలా తీయండి. తిరగేసి ప్యాకింగ్‌లోంచి మసాలాను తీసేస్తే రేటు అదే 13.39 వస్తుంది గానీ అర్థం తలకిందులవుతుంది. ముందు 70 తీసుకుని తర్వాత 90 కడుతున్నారు కాబట్టి అది అప్పు లాంటిది. అక్కడ రేటు ఎక్కువగా ఉండటం మంచిది కాదు.

గీత గీసేటప్పుడు

ఎన్‌పీవీ ప్రొఫైల్‌లో అడ్డంగా రేటు, నిలువుగా ఎన్‌పీవీ. సున్నా దగ్గర మసాలా 50, ప్యాకింగ్ 30. 20 శాతం దగ్గర మసాలా −7.18, ప్యాకింగ్ −0.93. దూరంగా వచ్చే డబ్బు రేటుకు ఎక్కువ కరుగుతుంది కనుక మసాలా గీత నిటారుగా పడిపోతుంది. పరీక్షలో టైం లేక ఈ రెండేసి బిందువులనే స్కేలుతో కలిపేస్తే గీతలు దాదాపు 15.2 దగ్గర ఖండించుకుంటాయి. అవి నిజానికి వంపు గీతలు. దాంతో 15 శాతం దగ్గర ఇంకా మసాలానే మేలని రాసేస్తారు, కానీ అక్కడ ప్యాకింగ్ 5.40, మసాలా 3.71. కనీసం 10, 15 దగ్గర కూడా బిందువులు పెట్టాలి.

తేడా వరుసలో గుర్తు ఒక్కసారే మారితే ఖండన ఒకటే. రెండుసార్లు మారితే రెండు ఖండనలు రావచ్చు, అప్పుడు IRR ఇచ్చే ఒక్క అంకెను నమ్మకూడదు, గీతే దిక్కు. ఇక ఒకటి మూడేళ్లది, ఇంకొకటి ఆరేళ్లది అయి, గడువు తీరాక మళ్లీ అలాంటిదే పెట్టే వ్యాపారమైతే ఈ పోలికే సరిపోదు. ఎన్‌పీవీని ఏడాదికి సమాన వాయిదాగా మార్చి పోల్చాలి.

మూడో ఏడు అంకెను కదిపి చూడండి

క్రాసోవర్ రేటు రాతిమీద చెక్కిన అంకె కాదు. మసాలా మూడో ఏడు 110 బదులు 105 వచ్చిందనుకోండి, అయిదు శాతం కూడా తగ్గలేదు. తేడా 85 అవుతుంది, 85ని 70తో భాగించి వర్గమూలం తీస్తే క్రాసోవర్ 13.39 నుంచి 10.19కి జారుతుంది. 10 శాతం రేటు దగ్గర నాలుగు లక్షలున్న ఆధిక్యం 22 వేలకు దిగుతుంది. అందువల్ల రేటు 13 దగ్గరో 14 దగ్గరో ఉన్నప్పుడు ఎన్‌పీవీ రెండో దశాంశం చూసి నిర్ణయం తీసుకోవద్దు. అక్కడ రెండింటి మధ్య తేడా 40 నుంచి 65 వేలే. ఆ పూట చేయాల్సిన పని వేరు: 110లో అమ్మకాల వల్ల వచ్చేదెంత, పాత యంత్రాల అమ్మకం వల్ల వచ్చేదెంత అని విడదీసి, ఒక్కొక్క దాని వెనక ఆర్డరు కాగితమో కొటేషనో ఉందో లేదో అడగాలి.