బైనామియల్ లెక్క తప్పితే పారిటీ పట్టిస్తుంది

తిరుపతిలో ఎంబీఏ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. ఆప్షన్ లెక్కలో ఎక్కువమంది ఒకే చోట తప్పుతున్నారు.

షేరు ధర ఇప్పుడు 100. ఏడాదికి 120 అవుతుంది, లేదా 90 అవుతుంది. వడ్డీ 5 శాతం, స్ట్రైక్ 100. కాల్‌కు పైకెళ్తే 20, పడితే సున్నా వస్తుంది. పుట్‌కు పైకెళ్తే సున్నా, పడితే 10.

"పెరిగే అవకాశం 70 శాతం" అని ప్రశ్నలో ఉంటే పిల్లలు వెంటనే 0.7 వాడేస్తారు. అప్పుడు కాల్ 13.33, పుట్ 2.86, తేడా 10.47 వస్తాయి. కానీ పారిటీ ప్రకారం ఆ తేడా షేరు ధరలోంచి స్ట్రైక్ నేటి విలువ తీసేసినంత ఉండాలి: 100 − 100/1.05 = 4.76. లెక్క తప్పిందని ఇక్కడే తెలిసిపోతుంది.

వాడాల్సింది రిస్క్ న్యూట్రల్ సంభావ్యత: (105 − 90)/(120 − 90) = 0.5. దాంతో కాల్ 10/1.05 = 9.52, పుట్ 5/1.05 = 4.76. తేడా సరిగ్గా 4.76. షేరునూ అప్పునూ కలిపి ఆప్షన్‌ను తయారుచేయొచ్చు కాబట్టి ఆ 70 శాతానికి ఇందులో పనే లేదు.

అందుకే కాల్ ఒక్కటే అడిగినా పుట్ కూడా కట్టి చూడండి, నిమిషం పని. అయితే 120, 90 అనే అంకెలే తప్పుగా రాసుకుంటే పారిటీ పట్టుకోలేదు. డివిడెండ్ లేని యూరోపియన్ ఆప్షన్‌కే ఈ రూపం.