బస్సుకి ఎంతసేపు ఆగాలో ముందే లెక్కేసుకోవచ్చు

మద్దిలపాలెం స్టాపులో నిలబడి "ఇంకెంతసేపు?" అనుకోవడం నాకు రోజూ ఉండేది. ఇప్పుడు ఇలా చేస్తున్నాను.

ఓ రోజు మీ రూటు బస్సులు వరుసగా 5 వచ్చిన టైములు రాసుకోండి. స్టాపు పక్కన టీ కొట్టు ఉంటే అక్కడ కూర్చుని రాయొచ్చు. మొదటిది 8:00కి, ఐదోది 9:20కి వచ్చిందనుకోండి. మధ్యలో ఖాళీలు 4 కాబట్టి 80 నిమిషాల్ని 4తో భాగిస్తే 20. అందులో సగం, అంటే 10 నిమిషాలు, మీరు సగటున ఆగే సమయం.

సగమే ఎందుకంటే, మనం టైము చూడకుండా వెళ్తే ఆ 20 నిమిషాల్లో ఎప్పుడైనా స్టాపుకి చేరొచ్చు. ఒకరోజు బస్సు అప్పుడే వెళ్లిపోయి 18 నిమిషాలు ఆగితే, ఇంకోరోజు 2 నిమిషాల్లోనే ఎక్కేస్తాం. రెండూ కలిపితే సగటు 10కే వస్తుంది. రైలు అందుకోవాలంటే మాత్రం సగం చాలదు, పూర్తి 20 చేతిలో ఉంచుకోండి.

ఒక జాగ్రత్త. బస్సులు జంటగా వస్తుంటే ఈ లెక్క తప్పుతుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో ఒక ఖాళీ 5 నిమిషాలు, తర్వాతది 35 అయిందనుకోండి. సగటు ఖాళీ 20యే. కానీ ప్రతి 40 నిమిషాల్లో 35 ఆ పెద్ద ఖాళీవే కాబట్టి, మనం చేరేది ఎక్కువసార్లు అందులోనే. అప్పుడు సగటున ఆగేది 15 నిమిషాల పైనే. అందుకే రాసుకున్న టైముల్లో ఖాళీలు ఇంచుమించు సమానంగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.