సీజన్ సేల్ యాడ్స్: డబ్బు పెట్టకముందే చూసుకోవాల్సినవి

సీజన్ సేల్‌కి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్స్ నడపమని షాపు ఓనర్ అడగ్గానే పోస్టర్ పని మొదలుపెట్టకండి. ముందు ఆయన్ని మూడు అంకెలు అడగండి: ఒక్కో బిల్లు సగటున ఎంత, అందులో మిగిలేది ఎంత, ఫోన్‌లో వాకబు చేసిన పదిమందిలో కొనేది ఎందరు.

ఒక ఉదాహరణ చూద్దాం. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే. బిల్లు 800, మిగిలేది 200, మెసేజ్ పెట్టిన పదిమందిలో కొనేది ఇద్దరు. ఒక్కో మెసేజ్‌కి యాడ్ ఖర్చు 40 పడుతోందనుకుందాం. ఒక అమ్మకం రావాలంటే ఐదు మెసేజ్‌లు కావాలి, అంటే 200 ఖర్చు. మిగిలే 200 కాస్తా అక్కడే ఆవిరి. స్క్రీన్ మీద మాత్రం యాడ్ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. పైగా యాడ్ చోటు వేలంలో దొరుకుతుంది కాబట్టి, అందరూ ఒకేసారి ఎగబడే సీజన్‌లో ఆ 40 కాస్తా 48 అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే 2,000 బిల్లుకి 600 మిగిలే సరుకును యాడ్‌లో పెడితే కథ మారుతుంది. 3,000 ఖర్చుకి 48 లెక్కన 62 మెసేజ్‌లు, 12 అమ్మకాలు, 7,200 మిగులు. యాడ్ ఖర్చు పోను 4,200. మీ ఫీజు ఇందులోంచే రావాలి. ఖరీదైన సరుకుకి పదిమందిలో ఇద్దరు కొంటారో లేదో ఓనర్‌ని అడిగి తెలుసుకోవాలి, మనం ఊహించకూడదు.

బడ్జెట్ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు, ఉన్న కాస్త డబ్బునీ ముక్కలు చేయడం. ఒకే బడ్జెట్‌తో ఒకే రకం జనానికి చూపే యాడ్‌ల గుంపుని యాడ్ సెట్ అంటారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా సిస్టమ్ ఒక యాడ్ సెట్‌ని ఎవరికి చూపించాలో కుదురుగా నేర్చుకోవడానికి వారంలో సుమారు 50 ఫలితాలు, అంటే మన లెక్కలో మెసేజ్‌లు, కావాలి. ఫలితానికి 40 అయితే వారానికి 2,000, అంటే రోజుకు దాదాపు 290. మీ దగ్గర రోజుకు 300 ఉంటే ఒక్క యాడ్ సెట్‌కే సరిపోతుంది. దాన్ని ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి, కుర్రకారుకొకటి అని మూడుగా చీలిస్తే ఒక్కోదానికీ వారానికి పదిహేడు మెసేజ్‌లు కూడా దాటవు. Delivery కాలమ్‌లో Learning limited అని కనిపిస్తే అర్థం ఇదే. నడుస్తున్న యాడ్‌లో ఫొటో, టార్గెటింగ్ మార్చినా, బడ్జెట్ ఒక్కసారిగా పెంచినా నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ప్రయోగాలన్నీ సేల్‌కి రెండు వారాల ముందే ముగించేయాలి.

రోజు బడ్జెట్ 300 అని పెట్టినంత మాత్రాన రోజూ 300 దగ్గర ఆగదు. అవకాశం బాగున్న రోజున 75 శాతం దాకా ఎక్కువ, అంటే 525 వరకూ వాడుకోవచ్చు. వారం మొత్తంలో మాత్రం 2,100 దాటదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే రెండో రోజే ఓనర్ నుంచి కోపంగా ఫోన్ వస్తుంది.

యాడ్ అకౌంట్, కార్డు రెండూ షాపు పేరు మీదే ఉండాలి, మీరు యాక్సెస్ మాత్రమే తీసుకోవాలి. కార్డు చెల్లింపు ఫెయిలైతే యాడ్స్ ఆగిపోతాయి, కాబట్టి ఖాతాలో డబ్బు, కార్డు గడువు ముందే చూసుకోండి. యాడ్ రివ్యూ చాలాసార్లు 24 గంటల్లో అయిపోతుంది కానీ గ్యారంటీ లేదు. రిజెక్టయితే సరిచేసుకునే టైమ్ ఉండాలి కదా, కనీసం మూడు రోజుల ముందే పంపండి.

రిపోర్టులో రీచ్‌తో జాగ్రత్త. అది యాడ్ చూసిన మనుషుల లెక్క. నిన్న చూసినవాళ్లే ఇవాళా చూస్తారు, కాబట్టి రోజువారీ రీచ్‌లను కూడితే వచ్చే మొత్తం తప్పు. మొత్తం తేదీల రేంజ్ పెట్టి ఒకేసారి తీయండి. మెసేజ్‌ల సంఖ్యలోనూ మాయ ఉంది. చాట్‌లో రెడీగా కనిపించే ప్రశ్నని నొక్కేసి, మీరు జవాబిస్తే మళ్లీ పలకనివాళ్లూ అందులో ఉంటారు. అందుకే యాడ్‌లో ఒక కోడ్ మాట పెట్టి, అది చెప్పినవాళ్లకి చిన్న తగ్గింపు ఇవ్వమనండి. కౌంటర్ దగ్గర ఆ బిల్లుల మీద గుర్తు వేస్తే అసలు అమ్మకాలు తేలతాయి. రద్దీలో కొన్ని గుర్తులు తప్పిపోతాయి, ఆ మాట కూడా రిపోర్టులో రాయండి.

ఇక ఫీజు. ఖర్చులో 20 శాతం అన్నది పెద్ద బడ్జెట్‌కి బాగానే ఉంటుంది. 3,000 మీద అది 600. సెటప్, రోజువారీ పర్యవేక్షణ, రిపోర్టు కలిపి పది రోజుల సేల్‌కి 12 గంటలు పడితే గంటకు వచ్చేది 50. పైగా శాతం లెక్కలో ఖర్చు పెరిగితే లాభం మీకే, దాంతో ఓనర్‌కి అనుమానం మొదలవుతుంది. చిన్న షాపుకి ఫిక్స్‌డ్ ఫీజే నయం. పై లెక్కలో 2,000 తీసుకున్నా షాపుకి 2,200 మిగులుతుంది. మొదటి ఉదాహరణలోని 800 సరుకుకే పట్టుబడితే మీ ఫీజుకి చోటే లేదు, పని ఒప్పుకోకముందే ఆ మాట చెప్పేయండి. ఒప్పుకుంటే యాడ్ ఖర్చు వేరు, ఫీజు వేరు అని, ఎన్ని యాడ్‌లు, ఎన్ని మార్పులు అన్నది రాసుకుని, సగం అడ్వాన్స్ చేతికొచ్చాకే Publish నొక్కండి.