ఫోను పాఠాలు – 5: ప్లస్ ఎవరి ఫోనులో ఉండాలి, సున్నా ఎక్కడ ఉండకూడదు

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్ల నంబర్లకు ముందు +91 చేర్చుకోమని రాశాను. చేర్చాక కూడా గల్ఫ్ నుంచి కాల్ కలవడం లేదంటూ పర్లాకిమిడిలో నలుగురు, గుణుపురంలో ఇద్దరు తమ ఫోన్లు తెచ్చి చూపించారు. ఆరు ఫోన్లూ కూర్చుని చూశాను. మూడింటి విషయంలో మార్చాల్సిన ఫోను ఒకటైతే మార్చింది మరొకటి. మిగతా మూడింట్లో +91 తరవాత ఒక సున్నా అలాగే ఉండిపోయింది. మొదటి తప్పు నాది, ఎవరి ఫోనులో మార్చాలో నేను స్పష్టంగా రాయలేదు. రెండోది మన సరిహద్దు ఊళ్ల పాత అలవాటు. సిమ్ మార్చినప్పుడు కాంటాక్టులు కాపాడుకోవడం గురించి ఈసారి చెప్తానన్నాను గానీ, దాన్ని వచ్చేవారానికి వాయిదా వేస్తున్నాను. ఇది తేలకుండా అది చెప్పి లాభం లేదు.

ఆ నలుగురిలో ఒకావిడ తమ్ముడు మస్కట్‌లో పనిచేస్తున్నాడు. వాళ్లమ్మ ఇక్కడే, పర్లాకిమిడిలో ఉంటుంది. అమ్మది ఒడిశా సిమ్. నంబరు 94370తో మొదలవుతుంది. మిగతా అయిదు అంకెల బదులు x అని రాస్తాను. ఈవిడ తన ఫోనులో అమ్మ నంబరును ఇలా మార్చుకుంది:

```
+91 94370 xxxxx
```

సరిగ్గానే ఉంది. కానీ తమ్ముడు మళ్లీ అదే మాట అన్నాడు: "అప్పా, అమ్మకి కొడితే అరబ్బీలో ఏదో చెప్పి కట్టయిపోతోంది." ఎందుకు కట్టవదు? అతని ఫోనులో అమ్మ నంబరు ఇంకా పది అంకెలే ఉంది. అక్క తన ఫోనులో మార్చినంత మాత్రాన తమ్ముడి ఫోనులో మారదు. కాల్ ఎవరు చేస్తారో వాళ్ల ఫోనులో నంబరు సరిగా ఉండాలి.

మనం "అమ్మ" అన్న పేరు మీద నొక్కుతాం గానీ ఆ పేరు ఫోను దాటి బయటికి పోదు. పేరు కింద దాచిన అంకెలు మాత్రమే టవరుకు చేరతాయి. ఆ టవరు మస్కట్‌లో ఉంది, కాబట్టి వచ్చిన అంకెలను ఒమన్ లెక్కలోనే చదువుతుంది. ఒమన్‌లో మొబైల్ నంబర్లకు ఎనిమిది అంకెలే. 9తోనో 7తోనో మొదలవుతాయి. 9437 అని మొదలై పది అంకెలున్న నంబరు వస్తే, అది ఇండియాలోని గజపతి జిల్లాలో ఉన్న మనిషిదని ఆ నెట్‌వర్క్‌కు తెలిసే దారే లేదు. నంబరు సరికాదని రికార్డు వినిపిస్తుంది.

అమెరికాలో అయితే ఇంకా చిక్కు. అక్కడ కూడా నంబరుకు పది అంకెలే. మొదటి మూడు అంకెలు ప్రాంతం కోడ్. మన 94370 xxxxxలో మొదటి మూడు అంకెలు 943. అది జార్జియా రాష్ట్రంలో అట్లాంటా వైపు కోడ్. ఆంధ్రా వైపు బంధువుల నంబర్లలో 7702తో మొదలయ్యేవి ఉంటాయి. 770 కూడా అట్లాంటా చుట్టుపక్కల కోడే. అందుకే అక్కడి నుంచి పది అంకెలే నొక్కితే రికార్డు రాకపోవచ్చు. ఫోను మోగి, ఎవరో తెలియనివాళ్లు ఇంగ్లీషులో హలో అంటారు. మీ బంధువులు "రాంగ్ నంబరు వెళ్తోంది" అంటే అమ్మ నంబరు మారిందేమోనని టెన్షన్ పడకండి. ముందు వాళ్ల ఫోనులో ప్లస్ ఉందో లేదో అడగండి.

ప్లస్ అనేది అంకె కాదు. "తరవాత వచ్చేది దేశం కోడ్, ఈ నంబరును మీ ఊరి లెక్కలో చదవొద్దు" అని నెట్‌వర్క్‌కు చెప్పే గుర్తు అది. ప్లస్ లేకపోతే అదే మాటను అంకెల్లో చెప్పాలి. ఆ అంకెలు దేశానికో రకం. ఇండియా నుంచీ ఒమన్ నుంచీ 00, అమెరికా నుంచి 011, ఆస్ట్రేలియా నుంచి 0011. కొందరు 0091 అని దాచుకుంటారు. అది మస్కట్‌లో పనిచేస్తుంది. అదే అబ్బాయి రేపు అమెరికా వెళితే పనిచేయదు. అందుకే 00తో దాచడం నాకు నచ్చదు, ఎవరి ఫోనులో కనబడినా మార్పించేస్తాను. ప్లస్ పెడితే ఫోను ఏ దేశంలో ఉన్నా సరిపోతుంది. కీప్యాడ్ మీద 0ను నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. పెద్దవాళ్ల దగ్గరుండే చిన్న బటన్ ఫోన్లలో అది రాకపోతే, * బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కి చూడండి.

"మరి వాట్సాప్‌లో అమ్మ పేరు చక్కగా కనిపిస్తోంది కదా, నంబరు తప్పెలా అవుతుంది?" అని ఆ తమ్ముడే అడిగాడు. వాట్సాప్ లెక్క వేరు. దేశం కోడ్ లేని నంబరు కనబడితే, ఖాతా ఏ దేశం నంబరుతో తెరిచారో ఆ దేశం కోడ్‌ను తనే అనుకుంటుంది. అతను మస్కట్‌లో ఉన్నా వాట్సాప్ మాత్రం పాత ఇండియా నంబరు మీదే నడుపుతున్నాడు. కాబట్టి పది అంకెల అమ్మ అక్కడ దొరికింది. మామూలు కాల్‌లో ఆ సాయం లేదు. అతను ఎప్పుడైనా వాట్సాప్‌ను ఒమన్ నంబరుకు, అంటే +968కి మార్చుకుంటే ఆ సాయమూ పోతుంది. అమ్మ చాట్ మీద పేరు పోయి +91తో నంబరు మాత్రమే కనిపిస్తుంది. ఒకేసారి చాలామంది పేర్లు అలా మాయమయ్యాయంటే, ఆ కాంటాక్టులన్నీ ప్లస్ లేకుండా దాచినవే.

కొన్ని ఐఫోన్లలో Dial Assist అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, కోడ్‌ను అదే చేర్చే ప్రయత్నం చేస్తుంది. ఒకే ఇంట్లో అన్న ఫోను నుంచి కలిసి, తమ్ముడి ఫోను నుంచి కలవకపోవడానికి ఇదొక కారణం. నేను దాని మీద ఆధారపడను.

ఇక సున్నా సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా ఇది మళ్లీ మళ్లీ నా ముందుకు వస్తోంది.

పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రాలో ఉంది. నడిచి వెళ్లేంత దగ్గరే అయినా టెలిఫోన్ లెక్కలో రెండూ వేర్వేరు సర్కిళ్లు. ఒకప్పుడు వేరే సర్కిల్ మొబైల్‌కు చేయాలంటే ముందు 0 కొట్టాల్సి వచ్చేది. అందుకే మనవాళ్ల ఫోన్లలో పాతపట్నం పిన్ని, టెక్కలి మేనమామ, శ్రీకాకుళం వియ్యంకులు అందరూ సున్నాతోనే ఉంటారు. ఇప్పుడు మొబైల్ నుంచి మొబైల్‌కు ఆ సున్నా అక్కర్లేదు, కానీ దాచిన నంబర్లను ఎవరూ తీసి మార్చలేదు. నేను "ముందు +91 చేర్చండి" అనగానే, ఉన్న నంబరును కదపకుండా ముందు +91 తగిలించారు. అలా ఇది తయారైంది:

```
+91 0 7702x xxxxx
```

ఇది తప్పు. ఆ సున్నా దేశం లోపల దూరపు కాల్ అని చెప్పడానికి వాడిన అంకె. అది నంబరులో భాగం కాదు. +91 అన్నాక కాల్ నేరుగా ఇండియా లోపలికి వచ్చేస్తుంది, ఇక సున్నాతో పని లేదు. సున్నా ఉంటే పది అంకెల నంబరు పదకొండు అంకెలవుతుంది, కాల్ కలవదు. ఎక్కడైనా ఒకసారి కలిసినా దాన్ని నమ్ముకోవద్దు.

ల్యాండ్‌లైనుకూ ఇదే పద్ధతి. బరంపురం ఎస్టీడీ కోడ్ 0680 అని మనందరికీ నోటికొచ్చు. కాబట్టి బరంపురంలో అన్నయ్య షాపు నంబరును 0680తోనే దాస్తాం. విదేశం నుంచి చేసేవాళ్లకు అది +91 680 అవుతుంది, ఆ తరవాత షాపు నంబరు. పర్లాకిమిడి 06815, +91 6815 అవుతుంది. రాయగడ 06856, +91 6856 అవుతుంది. మూడింట్లోనూ పోయింది మొదటి సున్నా ఒక్కటే. 0680 చివర ఉన్న సున్నాను కూడా తీసేసి +91 68 అని రాసుకున్న ఒకాయన నంబరు దిద్దాను. చివరి సున్నా కోడ్‌లోదే, దాన్ని ముట్టుకోకూడదు.

సరిగా ఉందో లేదో చూడటానికి నేను ఒకటే చేస్తాను. +91ను వేలితో మూసి, మిగిలిన అంకెలు లెక్కపెడతాను. మొబైల్ అయినా, ఎస్టీడీ కోడ్‌తో కలిపి ల్యాండ్‌లైన్ అయినా పది రావాలి. మొబైల్ అయితే మొదటి అంకె 6, 7, 8, 9లో ఒకటి కావాలి.

ఇలా మారిస్తే ఇక్కడి నుంచి ఇక్కడికి చేసినా ఐఎస్‌డీ చార్జీ పడుతుందని ఇద్దరు భయపడ్డారు. పడదు. ఇండియాలో ఉన్న సిమ్ నుంచి +91 నంబరుకు చేస్తే మామూలు కాల్ లెక్కే. 112, 1930 లాంటి చిన్న నంబర్లకు మాత్రం +91 పెట్టకండి. తమ్ముడి ఒమన్ నంబరుకు కూడా +91 పెట్టినవాళ్లున్నారు. దానికి +968 ఉండాలి.

మళ్లీ మస్కట్ తమ్ముడి దగ్గరికి వస్తాను. అతని ఫోనులో ఆ పది అంకెలు ఎలా చేరాయి? రెండేళ్ల కిందట అక్కే వాట్సాప్‌లో అమ్మ కాంటాక్టును పంపింది. అప్పుడు ఆమె ఫోనులో పది అంకెలే ఉన్నాయి, అవే వెళ్లాయి. కాంటాక్టు పంపితే నంబరు మీ దగ్గర ఎలా ఉందో అలాగే పోతుంది. అందుకే ముందు మీ ఫోనులో దిద్దుకుని, ఆ తరవాత పంపాలి. ఆమె కొత్తది పంపింది, అతను సేవ్ చేసుకున్నాడు, అయినా మొదటిసారి కాల్ కలవలేదు. చూస్తే అతని ఫోనులో "అమ్మ" రెండు ఉన్నాయి. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న అమ్మ ఫొటో ఇంకా పాత నంబరుకే పోతోంది. పాతది తీసేసి ఆ ఫొటోను కొత్తదాంతో మళ్లీ పెట్టుకున్నాక కలిసింది.

అభ్యాసం: ఈ వారంలో ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ, అమ్మమ్మ బటన్ ఫోనుతో సహా, ఒకచోట పెట్టండి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఎవరెవరికి ఫోన్ చేస్తారో కాగితం మీద రాయండి. ఒక్కో నంబరును దిద్ది, పది అంకెలు లెక్కపెట్టి, వాళ్లకు మళ్లీ కాంటాక్టుగా పంపండి. పాతది తీసేయమని కూడా చెప్పండి. తరవాత వాట్సాప్ నుంచి కాకుండా సిమ్ నుంచే, కొత్త కాంటాక్టు మీద నొక్కి ఒక్కొక్కరికీ కాల్ చేయమనండి. రింగ్ వచ్చిందా, రికార్డు వచ్చిందా, వేరేవాళ్లు ఎత్తారా అన్నది ఆ నంబరు పక్కనే రాసి పెట్టండి. కలవనివి ఎన్ని ఉంటే అన్నీ ఆ కాగితంతోనే నాకు చూపించండి.