డికాక్షన్ ఒకటే, రిఫ్రాక్టోమీటర్ అంకెలు మూడు

మారతహళ్ళిలో మా వంటింట్లో ఉన్నది మామూలు స్టీలు ఫిల్టర్. పళ్ళరసాల తీపి కొలిచే చేతి రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొన్నాను, 0 నుంచి 32 బ్రిక్స్ దాకా చూపేది. పోర్ ఓవర్ కాఫీకి ఇది పనికిరాదు. ఆ కాఫీ 1.5 బ్రిక్స్ దగ్గర ఉంటుంది, ఈ స్కేలు మీద గీతకీ గీతకీ 0.2 తేడా, కాబట్టి ఒక్క గీత తప్పినా లెక్క చెడుతుంది. డికాక్షన్ దానికి నాలుగు నుంచి ఏడు రెట్లు చిక్కన గనక దీనితోనే పని నడుస్తుంది.

సమస్య: ఒకే డికాక్షన్, మూడు చుక్కలు: 8.2, 10.4, 12.6

పరికరం పాడైందనుకుని రెండు రోజులు తిట్టుకున్నాను. తప్పు నాదే. ముందు దిగే డికాక్షన్ చిక్కగా, చివర దిగేది పల్చగా ఉంటుంది. కింది గిన్నెలో అవి వాటంతట అవి కలవవు, చిక్కనిది అడుగున, పల్చనిది పైన నిలుస్తుంది. చెంచా ఎంత లోతుకి ముంచామో అంకె అలా వస్తుంది.

వేడి ఇంకో కారణం. వేడి ద్రవం కాంతిని తక్కువ వంచుతుంది కాబట్టి అంకె తగ్గుతుంది. అలాగని మూత లేకుండా చల్లారబెడితే నీరు ఆవిరై అంకె పెరుగుతుంది. పరికరం మీద 'ఏటీసీ' అని రాసి ఉన్నా ధీమా వద్దు. అది గది వేడికి చేసే సవరణ, పొగలు కక్కే చుక్కకి కాదు.

పరిష్కారం: డికాక్షన్ అంతా దిగాక బాగా కలపండి. రెండు చెంచాలు చిన్న గిన్నెలోకి తీసి, మూతపెట్టి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. ఈలోగా పొడి నలుసులు అడుక్కి దిగుతాయి. పైనున్న తేట చుక్క వేస్తే గీత మసకబారకుండా కనిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కూడా అదే గదిలో ఉంచి, ముందు దానితో సున్నా సరిచూసుకోండి. ఇలా చేశాక నాకు మూడుసార్లూ 10.4 వచ్చింది.

సమస్య: లెక్క వేస్తే 25 శాతం, రుచి చూస్తే పులుపు

బ్రిక్స్ చక్కెర నీళ్ళ కోసం పుట్టిన కొలత. కాఫీకి దాన్ని 0.85తో గుణిస్తే కరిగిన పదార్థం శాతం, అంటే టీడీఎస్, సుమారుగా వస్తుంది. 10.4కి 8.84 శాతం. 30 గ్రాముల పొడి మీద 150 గ్రాముల నీళ్ళు పోస్తే 85 గ్రాముల డికాక్షన్ దిగింది. 8.84ని 85తో గుణించి 30తో భాగిస్తే 25. పొడిలోంచి నాలుగో వంతు డికాక్షన్‌లోకి దిగిందన్నమాట. (పోసిన నీళ్ళ బరువు కాదు, దిగిన డికాక్షన్ బరువే లెక్కలోకి రావాలి.)

మామూలుగా 18 నుంచి 22 మధ్య ఉంటే బాగుందంటారు. 25 అంటే చేదు నాలుకకి పట్టుకోవాలి. నాకేమో పుల్లగా, పల్చగా తగిలింది.

కారణం డబ్బా మీదే ఉంది: 80-20, అంటే 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ. వేయించిన కాఫీలో నీళ్ళలో కరగగలిగేది మహా అయితే 30 శాతం దాకా. చికోరీలో దానికి రెట్టింపు పైనే కరుగుతుంది. రిఫ్రాక్టోమీటర్‌కి రెండూ ఒకటే, ఏది ఎంతో అది చెప్పలేదు. చికోరీ తన వంతు గుమ్మరించి కాఫీ లోటుని కప్పేసింది.

పరిష్కారం: మల్లేశ్వరంలో పొడి కొట్టించే అంగడికి వెళ్ళి అవే గింజలు, అదే మర, చికోరీ లేకుండా ఇమ్మన్నాను. "చికోరీ లేకపోతే చిక్కదనం రాదు సార్" అన్నాడాయన. రాలేదు మరి. 6.0 బ్రిక్స్, 95 గ్రాముల డికాక్షన్. అంటే టీడీఎస్ 5.1, లెక్క 16 శాతం చిల్లర. పులుపు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

నీళ్ళు ఆరు నిమిషాల్లో జారిపోతున్నాయి, పొడి బరక. తర్వాతిసారి ఒక మెట్టు మెత్తగా కొట్టించాను. మరిగే నీళ్ళు ముందు కాసిని పోసి, పొడి నానాక మిగతావి పోశాను. పావుగంట పట్టింది. 7.6 బ్రిక్స్, 90 గ్రాములు, 19 శాతం దాటింది, పులుపు పోయింది. మరీ మెత్తగా చేస్తే ఫిల్టర్ కన్నాలు మూసుకుపోయి అసలు దిగదు, నాకు ఓసారి రాత్రంతా పట్టింది.

ఇప్పుడు మళ్ళీ 80-20కే వచ్చాను, ఇంట్లో వాళ్ళకి అదే ఇష్టం. మర మాత్రం ఆ మెత్తదే. ఆ పొడికి శాతం లెక్క వేయను. బ్రిక్స్ ఒక్కటే చూసి పాలు ఎన్ని పోయాలో తేల్చుకుంటాను. కొలత పాలు పోయకముందే. పాలలోని కొవ్వు, లాక్టోజు కలిశాక ఆ అంకెకి అర్థం లేదు.

సమస్య: ఆర్‌ఓ మెకానిక్ పెన్ను వేరే టీడీఎస్ చూపిస్తోంది

అది నీళ్ళలోని లవణాలు కరెంటుని ఎంత పారనిస్తాయో చూసే పెన్ను. కాఫీలో ముంచకండి. దానిమీద 300 పీపీఎం అంటే 0.03 శాతమే, డికాక్షన్ లెక్కలో అది ఓ మూలకి రాదు.